అరవై లైన్ల బయోడేటా

రాసుకో అమ్మలూ. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నీ సొంత తెలివి కలిపావంటే ఇక్కడితో ఆపేస్తాను. మంచినీళ్ళు అక్కడ పెట్టు, గొంతు ఎండిపోతుంది నాకు.

డెబ్భైల మొదట్లో సంగతి ఇది. అప్పటికి నేను తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో బోటనీ డెమాన్‌స్ట్రేటర్ని. అంటే పాఠం చెప్పేది లెక్చరరు, ప్రాక్టికల్స్ చేయించేది నేను. ఉల్లిపొర కోసి గాజుపలక మీద పెట్టడం, మైక్రోస్కోపులో చూపించడం, పిల్లలు పగలగొట్టిన పలకలు ఏరడం, అదీ ఉద్యోగం. మీ తాతయ్య తెనాలి స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో పనిచేసేవారు. మీ అమ్మకి మూడేళ్ళు. నాకు ఇరవై తొమ్మిది.

ఆ ఇరవై తొమ్మిది గుర్తుపెట్టుకో, అదే అసలు ముడి. కాలేజీకి ఒక సర్క్యులర్ వచ్చింది. చల్లటి దేశంలో ఒక పెద్ద ల్యాబులో ఏడాదిపాటు గింజల తెగుళ్ళ మీద శిక్షణ, స్కాలర్‌షిప్ వాళ్ళే ఇస్తారు, ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళు అర్హులు కారు. నాకు ముప్ఫై నిండటానికి నాలుగు నెలలు ఉంది. అంటే ఈసారి తప్పితే ఇంక లేదు. గింజల తెగుళ్ళు అంటే నాకు ఎంత పిచ్చో ముందుముందు చెప్తాను.

మా ప్రిన్సిపాల్ అమ్మగారు నన్ను గదిలోకి పిలిచి సర్క్యులర్ నా ముందు పెట్టారు. పెద్దావిడ, తెల్లచీర, మాట తక్కువ.

"చదివావా?"

"చదివానండి."

"మూడో పేరా మళ్ళీ చదువు."

మూడో పేరాలో ఉంది. బయోడేటా ఫుల్‌స్కేప్ కాగితం మీద, ఒకవైపే, డబుల్ స్పేసింగులో, రెండు పేజీలకు మించకూడదు. మించితే చదవకుండా పక్కన పెడతారు.

"పోయినేడు ఇంకో కాలేజీ నుంచి ఒకావిడ తొమ్మిది పేజీలు పంపిందట. బంగారంలాంటి పిల్ల. కవరు విప్పినవాళ్ళు పేజీలు లెక్కపెట్టి పక్కన పడేశారు," అన్నారు. "నా సంతకంతోనే నీ అప్లికేషన్ ఇక్కణ్ణుంచి వెళ్ళాలి. పది రోజుల్లో పట్టుకురా. మూడో పేజీ ఉంటే నేను సంతకం పెట్టను."

 అప్పటికి నా బయోడేటా ఏడు పేజీలు.

ఏడు పేజీలు నేను రాసింది కాదు తల్లీ, మా నాన్న రాశారు. నాన్న రేపల్లెలో హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన దగ్గర ఒక ఇనప్పెట్టె ఉండేది. నాకు ఒకటో తరగతిలో వచ్చిన సండేస్కూలు బహుమతి కార్డు దగ్గర్నుంచి ప్రతి కాగితం అందులో ఉండేది. డెమాన్‌స్ట్రేటర్ ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు ఆ పెట్టె ముందు కూచుని, కాగితం కాగితం తీసి, ఆయన ముత్యాల్లాంటి ఇంగ్లీషు దస్తూరీలో రాశారు, ఆ తర్వాత ఏటేటా కొత్తవి చేరుస్తూ వచ్చారు. ఎలొక్యూషన్ మొదటి బహుమతి, జిల్లా స్థాయి. త్రోబాల్ రన్నరప్. చర్చి కాయర్‌లో ఆరేళ్ళు పాటలు. ఎన్.సి.సి. క్యాంపు. ఒక మంత్రిగారి చేతులమీదుగా షీల్డు, ఆ మంత్రిగారి హోదా పూర్తిగా. ప్రతిదాని పక్కనా 'అటెస్టెడ్ కాపీ జతపరచడమైనది' అని. సీలు పడని పనిని నాన్న పని కింద లెక్క కట్టేవారు కాదు. ఆయన ఒక్కరే కాదులే, అప్పట్లో అందరిదీ అదే పద్ధతి. ఎంత లావుంటే అంత గొప్ప. సీళ్ళు ఎన్నుంటే అంత చదువు.

మా కాలేజీ ఎదురు సందులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాన్ని నడిపే ఆవిడని అందరం అక్కా అనేవాళ్ళం. పదిహేను మిషన్లు, పదిహేను మంది పిల్లలు, వర్షం రేకుల మీద పడ్డట్టు ఒకటే చప్పుడు. ఆ ఏడు పేజీలూ మొదట టైపు చేసింది ఈవిడే. సర్క్యులర్ చూపించాను.

"డబుల్ స్పేసింగంటే పేజీకి ముప్ఫై మూడు లైన్లమ్మా," అంది. "హెడ్డింగుల కింద ఖాళీలు తీసేస్తే ముప్ఫై. రెండు పేజీలకి అరవై. నీ బతుకంతా అరవై లైన్లలో పట్టాలి. నా బతుకైతే నాలుగు లైన్లు చాలు, నీదే ఎక్కువ."

"కొంచెం ఇరికించలేమా అక్కా?"

"ఇరికించి చూపిస్తా చూడు."

అక్కకి పంతం వచ్చింది. మార్జిన్లు అటూ ఇటూ తోసేసి, స్పేసింగు తగ్గించి, చిన్నక్షరాల మిషన్ మీద కొట్టింది. ఆ ఏడు పేజీలు నాలుగయ్యాయి. చూస్తే కాగితం మీద చీమలు పట్టినట్టుంది. పైగా డబుల్ స్పేసింగని వాళ్ళు చెప్పిన మాట పోయె. అక్క ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని, "దీన్ని చదివేవాడు నిన్ను తిట్టుకుంటూ చదువుతాడు," అని చింపేసింది.

రెండు రోజులు పోయాయి. నేను బాపట్ల వెళ్ళాను. అక్కడ వ్యవసాయం చెప్పే ఒక సారుండేవారు, తెగుళ్ళ శాస్త్రం ఆయనది. ఎమ్మెస్సీ థీసిస్‌కి నాకు సాయం చేసినాయన, సిఫార్సు ఉత్తరం ఆయనే రాయాలి. సారు వరండాలో కూచుని ఏడు పేజీలూ చేతిలోకి తీసుకున్నారు. మొదటి పేజీ చూశారు. తర్వాత, పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ అలవాటేమో, సరాసరి ఆఖరి పేజీకి తిప్పేశారు. అక్కడ 'ఇతరములు' అని ఉంటే దానికింద ఒకే ఒక లైను. 'వరి విత్తనాలపై కొంత స్వంత పరిశీలన.'

"ఏంటమ్మా ఈ పరిశీలన?"

చెప్పాను. నీకూ చెప్తాను విను. ఎమ్మెస్సీ వాల్తేరులో చదివాను, థీసిస్ వరి ఆకుమచ్చ తెగులు మీద. అయ్యీ అవ్వగానే మా అమ్మకి జబ్బు చేసింది, రెండేళ్ళు రేపల్లెలో ఇంట్లోనే ఉండిపోయాను. మా ఇంటి వెనక రైతు ఒకాయన నారుమడి పోస్తే సగం నారు మాడిపోయింది. నీళ్ళు ఎక్కువయ్యాయన్నారు, ఎండ అన్నారు, దిష్టన్నారు. నాకు అనుమానం గింజ మీద. చారెడు విత్తనాలు అడిగి తెచ్చుకున్నాను. సిరా అద్దే బ్లాటింగ్ పేపరుంటుందే, అది తడిపి సూపు ప్లేటులో పరిచి, ప్లేటుకి పాతిక గింజలు దూరం దూరంగా పెట్టి, పైన ఇంకో ప్లేటు బోర్లించి కిటికీలో పెట్టాను. వారం రోజులకి కొన్ని గింజల మీద నల్లటి బూజు. అంతే, ఇంక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. ఊళ్ళో ఎవరు విత్తనం చల్లబోతున్నా చారెడు నాకు ఇవ్వాల్సిందే. ఒక్కో రైతు గింజలు నాలుగు వందలు, పదహారు ప్లేట్లు. మా అమ్మ మంచం మీదనించి, "దీని పెళ్ళికొచ్చేవాళ్ళకి భోజనం దేంట్లో పెడతాం రా దేవుడా," అనేది. ఆ తర్వాత తెనాలిలో ఉద్యోగం వచ్చాక కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం మొదలుపెట్టాను. అలా మొత్తం ఏడేళ్ళు. నోటుబుక్కులు తొమ్మిది.

సారు అంతా విని, చేతిలో కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఈ పని చేసింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఆ ల్యాబు వాళ్ళు చేసేది ఇదే కదమ్మా. తడి బ్లాటింగ్ పేపరు, ప్లేటుకి పాతిక గింజలు. వాళ్ళు ఇది నేర్పడానికే పిలుస్తున్నారు. మరి దీన్ని అట్టడుగున పెట్టావేం?"

నా నోటికి వచ్చిన జవాబు ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. "దానికి సర్టిఫికెట్ లేదండి," అన్నాను.

సారు నవ్వలేదు. "త్రోబాల్‌కి ఉందా?"

"ఉందండి."

"మరి వెళ్ళి త్రోబాల్ ఆడుకో," అని, తర్వాత కొంచెం మెత్తబడి, "చూడమ్మా, అక్కడ కూచుని చదివేవాడికి నువ్వు మంచి పిల్లవా అన్నది అక్కర్లేదు. ఈ పిల్లని తీసుకొచ్చి ఆ బల్ల ముందు కూచోబెడితే రేపు పని చేస్తుందా, తిరిగెళ్ళి అక్కడ నలుగురికీ నేర్పుతుందా, అంతే. ప్రతి లైనునీ ఆ ప్రశ్న అడుగు. జవాబు చెప్పని లైను తీసెయ్."

"మీరే కాస్త దిద్ది పెడితే..."

"నేను దిద్దను. ఏ లైను ఎంత ఖరీదుదో నీకు తెలిసినట్టు నాకు తెలీదు. రెండు పేజీలు చేసుకుని రా, ఉత్తరం రాస్తాను."

బాపట్ల నుంచి తెనాలికి తిరుగుబండిలో పెన్సిలు పట్టుకుని కూచున్నాను. ఆ ప్రశ్న ఒక్కటి చేతికొచ్చాక కోత సులువేమో అనుకున్నాను. కాదు తల్లీ. కొన్ని సులువే. త్రోబాల్ పోయింది. ఎలొక్యూషన్ పోయింది. ఎన్.సి.సి. పోయింది. మంత్రిగారు హోదాతో సహా పోయారు. స్కూలు ఫైనలు మార్కులు, పీయూసీ మార్కులు పోయాయి, ఎమ్మెస్సీ ఉన్నదాన్ని పదో తరగతిలో లెక్కలకి ఎన్నొచ్చాయని ఎవరడుగుతారు. ఎమ్మెస్సీ పైన, బీఎస్సీ కింద, తలకిందులుగా రాసుకున్నాను. నాన్న ఎప్పుడూ ఒకటో తరగతి నుంచి ఎక్కించుకుంటూ వచ్చేవారు. చదివేవాడు ఎమ్మెస్సీ దాకా చేరేసరికి నిద్రపోయేవాడు.

బీఎస్సీ నాకు సెకండ్ క్లాసు. ఆ లైను దగ్గర పెన్సిలు ఆగింది. స్థలం లేదు కదా, క్లాసు రాయకపోతే ఏమవుతుందిలే అనిపించింది. మర్నాడు అక్కని అడిగాను కూడా.

"తీసెయ్. ఎవడు చూడొచ్చాడు," అంది అక్క.

"ఎమ్మెస్సీకి ఫస్ట్ క్లాసని రాసి, బీఎస్సీకి ఏమీ రాయకపోతే, అదేంటో వాళ్ళకి అర్థమైపోదా?"

అక్క ఆలోచించింది. "అవును. నేనైనా ముందు అక్కడే వేలు పెడతాను. ఉంచు." ఉంచాను. రెండు మాటల చోటేగా పట్టేది.

ఇంకో తిరకాసు ఆ రెండేళ్ళు. ఎమ్మెస్సీకీ ఉద్యోగానికీ మధ్య రెండేళ్ళు ఖాళీ. నాన్న రాసినదాంట్లో ఆ ఖాళీలో 'సండేస్కూలులో సహాయం' అని పెట్టారు. ఖాళీ ఖాళీగా వదిలితే, ఏం చేసిందీ పిల్ల, పెళ్ళి చూపులకి కూచుందా అనుకుంటారు. ఒకటే లైను రాశాను. 'తల్లి అనారోగ్యం వల్ల రేపల్లెలో ఇంటి వద్ద. అక్కడే రైతుల విత్తనాలపై పరిశీలన ప్రారంభం.' ఆ లైను రాశాక, అంత దిగులుగా గడిచిన ఆ రెండేళ్ళే నా బయోడేటాకి వెన్నెముకని నాకు మొదటిసారి తెలిసింది.

గింజల పనిని మొదటి పేజీ మధ్యకి తెచ్చాను. పన్నెండు లైన్లిచ్చాను. ఎన్ని సీజన్లు, ఎన్ని ఊళ్ళు, ఎలా చేశాను, ఏం తేలింది. ఇక్కడే అక్కకీ నాకూ గొడవ. అక్క కొడుతూ కొడుతూ ఆగింది.

"మొదటి రెండేళ్ళూ 'బూజు ఉన్న గింజలు లెక్కపెట్టాను' అని రాశావేంటి, పేలవంగా. 'తెగులు శిలీంధ్రాన్ని గుర్తించాను' అని కొట్టనా?"

"అప్పుడు మైక్రోస్కోపు లేదుగా అక్కా. కళ్ళతో చూసి గుర్తించానంటే అబద్ధం."

"అబ్బో. హరిశ్చంద్రుడి మనవరాలు," అని మూతి తిప్పి, నేను చెప్పినట్టే కొట్టింది. 'మొదటి రెండేళ్ళు లెక్క మాత్రమే. మైక్రోస్కోపుతో గుర్తింపు మూడో ఏడాది నుంచి.'

తర్వాత అచ్చయినవి. ఆకుమచ్చ తెగులు మీద ఒకే ఒక చిన్న వ్యాసం, సారు పేరు ముందు, నా పేరు వెనక. ఒక సెమినార్ పేపరు. కాలేజీ మేగజైనులో రాసిన నాలుగు తీసేశాను. రేడియోలో రైతులకి ఉప్పునీళ్ళలో విత్తనం వేసి తాలు తేల్చడం గురించి పది నిమిషాలు మాట్లాడాను ఒకసారి. అక్క అది కొట్టేయమంది, "పాటలూ, బజారు ధరలూ చెప్పే రేడియోనా దీంట్లో?" అని. నేను ఉంచాను. తిరిగొచ్చి నలుగురికీ నేర్పుతుందా అన్నదానికి నా దగ్గరున్న జవాబు అదొక్కటే. ప్రాక్టికల్స్ పని ఏ ఏటికాయేడు రాసినవి తొమ్మిది లైన్లుంటే రెండు చేశాను. సిఫార్సు ఉత్తరాలు ఆరు జతచేసేవాళ్ళం, పాస్టరుగారిది, లాయరుగారిది, మా మేనమామ స్నేహితుడిది. అవన్నీ మానేసి, నా పని ఎరిగున్న ఇద్దరి పేర్లూ చిరునామాలూ చివర్లో పెట్టాను.

ఇంత చేసినా ఏమైందో తెలుసా? అక్క రెండో పేజీ మిషన్లోంచి లాగితే ఇంకా నాలుగు లైన్లు మిగిలిపోయాయి. ఆ ఇద్దరి పేర్లూ మూడో పేజీ మీదకి వెళ్ళి కూచున్నాయి, పెళ్ళిలో చోటు దొరకని చుట్టాల్లాగా.

కోయడానికి ఒక చోటుంది. నాకూ తెలుసు, అక్కకీ తెలుసు. అక్క దాని మీద గోరు పెట్టి చూపించింది కూడా. మొదటి పేజీ పైన ఒక పేరా. 'గౌరవప్రదమైన ఉపాధ్యాయ కుటుంబంలో జన్మించి, బాల్యము నుండి విద్యయందు అపారమైన ఆసక్తి కనబరచి...' ఇంగ్లీషులో ఐదు లైన్లు. నాన్న రాసింది. ఏడు పేజీల్లో నేను ముట్టుకోనిది అదొక్కటే.

"తీయలేనక్కా," అన్నాను.

"అయితే మీ నాన్న ఎక్కువా, ఆ దేశం ఎక్కువా తేల్చుకో. నాకు ఇవతల పదిమంది టైపు లోయర్ పరీక్ష వాళ్ళున్నారు," అని అక్క లేచిపోయింది.

ఆదివారం రేపల్లె బండెక్కాను. సోమవారం ప్రిన్సిపాల్ అమ్మగారికి ఇవ్వాలి. మీ తాతయ్య నన్ను బండెక్కిస్తూ, "మామయ్య తిడితే ఏడవకుండా రా. ఏడ్చినా ఆ నాలుగు లైన్లు మాత్రం అక్కడే పారేసి రా," అన్నారు. మీ అమ్మ ఆయన భుజం మీద కూచుని నాకు టాటా చెప్తోంది. దాన్ని ఏడాది వదిలి వెళ్ళాలన్న మాట అప్పుడే మొదటిసారి తట్టింది. కానీ ముందు రెండు పేజీలు కావాలిగా.

నాన్న చర్చి నుంచి వచ్చి వాలుకుర్చీలో కూచున్నారు. కాగితాలు ఇచ్చాను. పిల్లల పేపర్లు దిద్దినట్టే, ఎర్రసిరా కలం తీసి టోపీ విప్పి పట్టుకున్నారు. చదువుతున్నారు. నేను పక్కన నిలబడ్డాను, పాఠం అప్పజెప్పలేని పిల్లలాగా.

"షీల్డేది?"

"తీసేశాను నాన్నా."

"కాయర్?"

"తీసేశాను."

"ఎన్.సి.సి.? ఎండలో పది రోజులు క్యాంపులో ఉన్నావు. నేను చూడటానికొస్తే ముక్కు మీద తోలూడిపోయి ఉంది."

"అదీ తీసేశాను నాన్నా."

ఆయన ముఖం వాడిపోయింది.  ఆ తర్వాత గింజల పన్నెండు లైన్ల దగ్గరికొచ్చారు. నెమ్మదిగా చదివారు. మళ్ళీ మొదటికెళ్ళి చదివారు.

"సూపు ప్లేట్లు," అన్నారు. "మీ అమ్మ తిట్టేది."

"అవును."

"ఇది నేను ఆటనుకున్నాను అమ్మాయ్. పెద్దదానివై కూడా ఆటలేంటని ఒకసారి అన్నాను కూడా. ఆఖరి పేజీలో ఏదో నీ సరదా కోసం ఒక లైను వేశాను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏడు పేజీలు రాసి నేను అసలుదాన్ని వదిలేశాను. ఏ విద్యార్థైనా ఇలా జవాబు రాస్తే నేను సున్నా వేసేవాణ్ణి."

"అలా అనకండి నాన్నా."

"ఉండు. ఇంకా అయిపోలా." మూడో పేజీ తిప్పి నాలుగు లైన్లు చూశారు. "ఇదేంటి, ఎక్కువైంది?"

"అవునండి. ఎక్కడ తీయాలో..."

కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మొదటి పేజీ పైకి వెళ్ళారు. ఐదు లైన్లు చదివారు. పైకే చదివారు, ఇంగ్లీషులో, హెడ్మాస్టరు గొంతుతో. చదివాక తలెత్తి, "ఈ చెత్త ఎవరు రాశారు?" అన్నారు.

 "మీరే నాన్నా."

"తెలుసు. అందుకే అంటున్నా. 'అపారమైన ఆసక్తి కనబరచి.' ఎవడు చెప్పుకోడు అపారమైన ఆసక్తి ఉందని? దొంగాడు కూడా చెప్పుకుంటాడు. ఆసక్తి ఇక్కడుంది," అని గింజల లైన్ల మీద వేలితో కొట్టి, ఎర్రసిరాతో ఆ పేరా ఒక మూల నుంచి ఇంకో మూలకి ఒక్క గీత గీసేశారు.  "ఐదు పోయాయి. ఒక లైను మిగిలింది నీకు. ఏం పెడతావు?"

"ఏమీ పెట్టను నాన్నా. ఖాళీగా ఉంచుతాను."

ఆయన నవ్వారు. అన్నం తినేదాకా నవ్వుతూనే ఉన్నారు.

సోమవారం పొద్దున్నే అక్క మొత్తం మళ్ళీ కొట్టింది. రెండు పేజీలు, అరవైకి ఒక లైను తక్కువ. ఒక్క తప్పు లేదు. బాపట్ల వెళ్తున్న ఒక లెక్చరరు చేత సారుకి కార్బన్ కాపీ పంపితే, ఆయన ఉత్తరం సాయంత్రానికి ఆ లెక్చరరు చేతిలోనే వచ్చింది. ప్రిన్సిపాల్ అమ్మగారు కాగితాలు తిరగేసి, మూడోది ఉందేమోనని వెనక్కి కూడా తిప్పి చూసి, సంతకం పెట్టారు. "ఇప్పుడు నువ్వెవరో నాకు తెలిసింది," అన్నారు. ఐదేళ్ళు ఆవిడ కింద పనిచేశాను, అమ్మలూ. ఆ మాట అప్పుడే అన్నారు.

రెండు నెలలకి ఢిల్లీలో ఇంటర్వ్యూకి పిలిచారు. బల్లకి అటు ముగ్గురు. మధ్యలో ఆ దేశం నుంచి వచ్చిన ముసలి శాస్త్రవేత్త. ఆయన ముందు నా రెండు పేజీలే ఉన్నాయి, పెన్సిలు గీతలతో. పక్కన ఇంకో అభ్యర్థిది చిన్న దిండంత కట్ట, తాడు కూడా విప్పలేదు.

ముసలాయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో మైక్రోస్కోపు లేనప్పుడు అది ఏ బూజో మీకు ఎలా తెలిసింది?"

"తెలియలేదండి," అన్నాను. "ఆ రెండేళ్ళూ బూజు పట్టినవెన్ని, పట్టనివెన్ని అని లెక్కపెట్టాను, అంతే. పేరు పెట్టింది మూడో ఏడాది నుంచే."

"అవును. అలాగే రాశారు," అన్నారాయన. "ఇవాళ పొద్దుట్నుంచి అందరూ అన్నీ గుర్తించినవాళ్ళే వచ్చారు."

మిగతా ఇద్దరూ నవ్వారు. అక్కడి నుంచి అరగంట గింజలే. ప్లేట్లకి వెలుతురు ఎలా ఇచ్చారు? కిటికీలోనండి, పగలు వెలుతురు, రాత్రి చీకటి. ఎండాకాలం వేడికి ఏం చేశారు? మంచినీళ్ళ కుండ పక్కన పెట్టేదాన్నండి. రేడియోలో ఉప్పునీళ్ళ సంగతి చెప్తే రైతులు విన్నారా? కొందరు విన్నారండి, కొందరు ఉప్పు దండగన్నారు. ఆ ముసలాయన అంతా రాసుకున్నారు. నేను ఫలానా వాళ్ళ అమ్మాయిననీ, ఎలొక్యూషన్‌లో మొదటిదాన్ననీ ఎవరూ అడగలేదు. నాకూ చెప్పాలని తట్టలేదు.

ఉత్తరం తెనాలి కాలేజీకి వచ్చింది. ప్రాక్టికల్ క్లాసులో ఉన్నాను, చేతులకి రంగుసిరా. ప్రిన్సిపాల్ అమ్మగారు స్వయంగా ల్యాబుకొచ్చారు, ఎప్పుడూ రారు. కవరు విప్పి ఉంది. "దేశం మొత్తం మీద ఇద్దరు," అన్నారు. "ఒకళ్ళు నువ్వు." నలభైమంది పిల్లలు ఒక్కసారి కేకేశారు. రెండు గాజుపలకలు పగిలాయి, ఎవరూ ఏరలేదు.

నేను పరిగెత్తింది ముందు ఎదురు సందులోకి. అక్క ఉత్తరం చదివి, పదిహేను మిషన్లూ ఆపించేసింది. ఆ సందులో వాళ్ళంతా ఏమైందోనని బయటికొచ్చారు, అంత నిశ్శబ్దం వాళ్ళెప్పుడూ వినలేదు మరి. అక్క గుమ్మంలో నిలబడి, "మా దగ్గర టైపు చేయించుకున్న పిల్ల విదేశం వెళ్తోంది! రెండే పేజీలు! నేనే కొట్టాను!" అని వీధి వీధికీ వినిపించేలా చెప్పింది. మీ తాతయ్య పార్సిల్ ఆఫీసు నుంచి అలాగే, చెవి మీద పెన్సిలుతో వచ్చేశారు. మీ అమ్మని ఎత్తుకుని, "మీ అమ్మ ఏడాది ఉండదు, నేను జడ వెయ్యడం నేర్చుకోవాలి ఇప్పుడు," అన్నారు. నేర్చుకున్నారు కూడా. వంకరగా వేసేవారు.

ఆ సాయంత్రం బండికి రేపల్లె వెళ్ళాను. నాన్న ఉత్తరం తీసుకుని నిలబడే చదివారు. చివరి దాకా చదివి, నా ముఖంలోకి చూసి, "ఎంత చిన్న ఉత్తరమో చూశావా," అన్నారు. "నాలుగే లైన్లు. కావలసిందంతా ఉంది."